టెక్ సందేహాలు: బ్యాకప్‌లో రాని వాటినే ముందు రాసిపెట్టండి

ప్రశ్న: మా ఊళ్లో ఒక పచ్చళ్ల షాపుకు నాలుగేళ్ల క్రితం వూకామర్స్‌తో సైట్ చేసిచ్చాను. అప్పటి నుంచి నేనే చూసుకుంటున్నా. వచ్చే నెల బెంగళూరులో ఉద్యోగంలో చేరాలి. ఓనర్‌గారు ఇంకొక కుర్రాణ్ని మాట్లాడుకున్నారు. ఇన్నేళ్లలో నేను ఒక్క ముక్క కూడా ఎక్కడా రాసిపెట్టలేదు. మూడు వారాలే టైముంది, టెన్షన్‌గా ఉంది. అతనికి ఏం రాసివ్వాలి?
— ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: కోడ్ గురించి రాయడం పక్కన పెట్టండి. కోడ్ అతని కళ్లెదుటే ఉంటుంది, ఓపిగ్గా చదువుకుంటే అర్థమవుతుంది. ఫైళ్లు, డేటాబేస్ కలిపి బ్యాకప్ తీస్తే సైట్ మొత్తం చేతికొచ్చినట్టే అనిపిస్తుంది. కానీ షాపు రోజూ నడవడానికి కావలసిన కొన్ని పనులు ఆ బ్యాకప్‌కు బయట ఉంటాయి. మీరు వెళ్లాక అతను హోస్టింగ్ మారిస్తే అవి వెంట రావు. సైట్ మాత్రం చక్కగా తెరుచుకుంటుంది కాబట్టి ఏదో తెగిందని ఎవరికీ అనుమానం రాదు. మీ కాగితం వీటి కోసమే.

వాటిని గుర్తు తెచ్చుకోవడానికి ఒక తేలిక పద్ధతి ఉంది. ఒక ఆర్డర్ వెంట మొదటి నుంచి చివరి దాకా నడవండి. కస్టమర్ కిలో ఆవకాయ కొన్నాడు. డబ్బు కట్టాడు. ఆ కబురు పేమెంట్ గేట్‌వే నుంచి సైట్‌కు చేరింది. కస్టమర్‌కు ఎస్ఎంఎస్, మెయిల్ వెళ్లాయి. మర్నాడు పొద్దున షాపులో ప్యాకింగ్ లిస్టు చేతికొచ్చింది. ఇందులో ప్రతి మలుపు దగ్గరా ఆగి, ఇది ఎక్కడ సెట్ చేసి ఉంది, ఎవరి పేరు మీద ఉంది, ఆగిపోతే ఎలా తెలుస్తుంది అని మూడు ప్రశ్నలు వేసుకోండి. జవాబులే మీ డాక్యుమెంట్.

మొదటి మలుపు గేట్‌వే పంపే వెబ్‌హుక్. డబ్బు అందిందన్న కబురు సైట్‌కు వచ్చే దారుల్లో ఇది ముఖ్యమైనది. దాని చిరునామా, సీక్రెట్ గేట్‌వే డ్యాష్‌బోర్డ్‌లో ఉంటాయి. సీక్రెట్ సైట్ సెట్టింగ్స్‌లోనూ ఉండాలి, రెండూ ఒకటే కావాలి. కస్టమర్ డబ్బు కట్టగానే బ్రౌజర్ మూసేసిన సందర్భాల్లో ఈ కబురొక్కటే ఆధారం. అది రాకపోతే ఆర్డర్ `Pending payment` దగ్గరే ఉండిపోతుంది. వూకామర్స్‌లో `Hold stock (minutes)` అని ఒక సెట్టింగ్ ఉంది, మామూలుగా 60 ఉంటుంది. స్టాక్ లెక్క సైట్‌లోనే చూసుకుంటుంటే, ఆ గడువు దాటాక డబ్బు రాని ఆర్డర్‌ను సైటే రద్దు చేస్తుంది. అంటే కస్టమర్ ఖాతాలో డబ్బు కట్ అయింది, ఇక్కడేమో ఆర్డర్ `Cancelled` అని కనపడుతుంది. కొత్త డెవలపర్ దీన్ని చూసి కస్టమరే మనసు మార్చుకున్నాడనుకుంటాడు. అందుకే ఈ గుర్తును కాగితం మీద స్పష్టంగా రాయండి: రద్దయిన ఆర్డర్లు ఒక్కసారిగా పెరిగితే ముందు గేట్‌వే డ్యాష్‌బోర్డ్‌లో వెబ్‌హుక్ సంగతి చూడాలి.

తర్వాత ఎస్ఎంఎస్. మన దేశంలో వ్యాపార సంస్థలు పంపే ఎస్ఎంఎస్‌ల వాక్యాలను ట్రాయ్ నిబంధనల ప్రకారం డీఎల్‌టీ అనే టెలికం సంస్థల నమోదు వ్యవస్థలో ముందే నమోదు చేయాలి. కొత్త కుర్రాడు మంచి ఉద్దేశంతోనే ‘మీ ఆర్డర్ బయలుదేరింది’ని ‘మీ పార్సిల్ బయలుదేరింది’ అని మార్చాడనుకోండి, నమోదైన వాక్యంతో కలవదు కాబట్టి మెసేజ్ మధ్యలోనే ఆగిపోతుంది. సైట్‌లో ఎర్రర్ కూడా కనపడకపోవచ్చు. ఏ వాక్యం ఏ టెంప్లేట్ కింద నమోదైందో, ఆ ఖాతా ఎవరి పేరున ఉందో రాయండి. కోడ్‌లో ఆ వాక్యం ఉన్నచోట పైన ఒక కామెంట్ కూడా పెట్టండి. అతను మార్చబోయేది అక్కడే కదా.

మెయిల్ విషయంలో మీరే ఒకసారి వెతకాలి. చాలా చిన్న సైట్లలో ఆర్డర్ మెయిల్స్ డెవలపర్ సొంత జీమెయిల్ నుంచి, ఒక యాప్ పాస్‌వర్డ్‌తో వెళ్తుంటాయి. మొదట్లో త్వరగా పని కావాలని పెట్టి అలాగే వదిలేస్తాం. ఆర్నెల్ల తర్వాత మీరు బెంగళూరులో కూర్చుని మీ గూగుల్ పాస్‌వర్డ్ మార్చుకుంటారు. దాంతో యాప్ పాస్‌వర్డ్‌లన్నీ రద్దవుతాయి, తెనాలిలో షాపు మెయిల్స్ ఆ నిమిషం నుంచే ఆగిపోతాయి. మీ ఎస్‌ఎంటీపీ ప్లగిన్ సెట్టింగ్స్ తెరిచి, అక్కడ మీ అడ్రస్ ఉంటే ఈ వారంలోనే షాపు ఖాతాకు మార్చండి. ఇది రాసిపెడితే సరిపోయే విషయం కాదు, సరిచేసి అప్పగించాల్సింది.

ఇక పొద్దున వచ్చే లిస్టు. ఇలాంటివి చాలావరకు సర్వర్ క్రాన్‌లో ఉంటాయి, సైట్ బ్యాకప్‌లో ఆ లైను ఉండదు. కింది మూడు కమాండ్లు మీ సర్వర్‌లో, వర్డ్‌ప్రెస్ ఉన్న ఫోల్డర్‌లోకి వెళ్లి నడిపి, వచ్చింది వచ్చినట్టు డాక్యుమెంట్‌లో అతికించండి. మొదటిది సర్వర్ పనులు, రెండోది వర్డ్‌ప్రెస్ లోపలి పనులు. మూడోదాని సంగతి కింద చెప్తాను.

```
crontab -l
wp cron event list
wp plugin verify-checksums --all
```

అతికించిన ప్రతి లైనుకూ మనిషి భాషలో వివరం ఉండాలి. మీ సర్వర్‌లో ఇలాంటి లైను ఉందనుకుందాం:

```
30 2 * * * /usr/bin/php /home/shop/orders-csv.php
```

సర్వర్ టైము యూటీసీలో ఉంటే ఇది మనకు ఉదయం 8:00. కొత్త హోస్టింగ్‌లో సర్వర్ టైము మన ఐఎస్‌టీలో ఉంటే ఇదే లైను రాత్రి 2:30కు నడుస్తుంది. అప్పుడు 2:30కీ 8:00కీ మధ్య వచ్చిన ఆర్డర్లు ఆ రోజు లిస్టులో ఉండవు, మర్నాటి లిస్టులోకి వెళ్తాయి. అమెరికాలో ఉన్న మనవాళ్లు సాయంత్రం పూట పెట్టే ఆర్డర్లు మనకు తెల్లవారుజామున, పొద్దున్నే వస్తాయి కాబట్టి, విదేశీ పార్సిళ్లే ఒక రోజు ఆలస్యమవుతాయి. కారణం ఎవరికీ తట్టదు. ఈ లైనుకు నేనైతే ఇలా రాస్తాను:

> రోజువారీ ప్యాకింగ్ లిస్టు. సర్వర్ క్రాన్‌లో ఉంది, సైట్ బ్యాకప్‌లో రాదు. సర్వర్ టైము యూటీసీ. మన టైము ఉదయం 8:00కు నడవాలి. గత 24 గంటల్లో డబ్బు అందిన ఆర్డర్లను షాపు మెయిల్‌కు పంపుతుంది. 8:15కు మెయిల్ రాకపోతే ఆగినట్టే. అప్పుడు షాపువాళ్లు వూకామర్స్‌లో ‘Processing’ ఆర్డర్లు చూసి ప్యాక్ చేసుకోవచ్చు.

చివరి వాక్యం డెవలపర్ కోసం కాదు, షాపులో పని ఆగకుండా ఉండటానికి. అది వదిలేయకండి. అలాగే `wp-config.php`లో `DISABLE_WP_CRON` అని ఉందేమో చూడండి. ఉంటే వర్డ్‌ప్రెస్ పనులు కూడా సర్వర్ క్రాన్ మీదే ఆధారపడ్డాయని అర్థం. కొత్త సర్వర్‌లో ఆ లైను పెట్టకపోతే గడువు దాటిన ఆర్డర్ల రద్దు కూడా జరగకపోవచ్చు.

మూడో కమాండ్ మీ పాత పనులను మీకే గుర్తుచేస్తుంది. అధికారిక వర్డ్‌ప్రెస్ సైట్ నుంచి తెచ్చుకున్న ప్లగిన్లలో మీరు చేత్తో మార్చిన ఫైళ్లు ఏవో ఇది చూపిస్తుంది. డెలివరీ చార్జీ లెక్క కుదరక ఎప్పుడో ప్లగిన్ ఫైల్‌లోనే రెండు లైన్లు మార్చి ఉంటారు. కొత్త కుర్రాడు అప్‌డేట్ నొక్కగానే ఆ మార్పు పోతుంది. వీలైతే దాన్ని చైల్డ్ థీమ్ `functions.php`లోకి మార్చండి. వీలుకాకపోతే ఏ ఫైలు, ఏ మార్పు, ఎందుకు చేశారో రాయండి. ‘ఎందుకు’ అన్నది మీకు తప్ప ఎవరికీ తెలియదు. డబ్బు పెట్టి కొన్న ప్లగిన్లను ఈ కమాండ్ పట్టుకోలేదు. వాటికి అదే వెర్షన్ జిప్ మళ్లీ దించుకుని, `diff -r`తో పోల్చుకోవాలి.

ఆర్డర్ దారిలో కనపడకపోయినా అన్నిటికీ ఆధారమైంది డొమైన్. ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. చాలాకాలం క్రితం ఒక బట్టల షాపు సైట్‌ను కొత్త హోస్టింగ్‌కు మార్చాను. నేమ్‌సర్వర్లు మార్చేటప్పుడు పాత ఎంఎక్స్ రికార్డులు రాసుకోలేదు. సైట్ బాగానే తెరుచుకుంది, షాపుకు రావలసిన మెయిల్స్ మాత్రం రెండు రోజులు చేరలేదు. ఓనర్ ఫోన్ చేసి “ఈమధ్య ఎవరూ మెయిల్ పెట్టట్లేదేంటండీ” అని అడిగేదాకా నాకు తెలియలేదు. అప్పటి నుంచి ఏ సైట్ ముట్టుకున్నా ముందు ఇవి నడిపి దాచుకుంటాను:

```
dig +short example.com NS
dig +short example.com MX
dig +short example.com TXT
```

అయితే వీటితో అన్ని రికార్డులూ రావు. సబ్‌డొమైన్లవి, డీకిమ్‌వి విడిగా ఉంటాయి కాబట్టి డీఎన్ఎస్ ప్యానెల్ నుంచి మొత్తం జాబితా కూడా ఎక్స్‌పోర్ట్ చేసివ్వండి.

డొమైన్ ఎవరి ఖాతాలో ఉందో కూడా చూడండి. మీ ఖాతాలో ఉంటే ఓనర్‌గారి పేరు మీదికి మార్పించండి, ఓటీపీ కూడా ఆయన ఫోన్‌కే వెళ్లాలి. ఆ ఖాతాకు ఇచ్చే మెయిల్ అదే డొమైన్‌ది కాకూడదు. రెన్యూవల్ మరిచిపోయి డొమైన్ ఆగిపోతే ఆ మెయిల్ కూడా ఆగిపోతుంది, పాస్‌వర్డ్ రీసెట్ లింక్ అందుకునే దారే ఉండదు. ఓనర్ సొంత జీమెయిల్ ఇవ్వడం మేలు.

పాస్‌వర్డ్‌లు మాత్రం ఈ డాక్యుమెంట్‌లో పెట్టకండి. ఇది రేపు వాట్సాప్‌లో పదిమందికి చేరుతుంది. ఏ ఖాతా ఎక్కడ ఉంది, యజమాని ఎవరు, రెన్యూవల్ ఎప్పుడు అన్నది చాలు. పాస్‌వర్డ్‌లను ఓనర్ ఖాతాలోని పాస్‌వర్డ్ మేనేజర్‌లో ఉంచండి.

మొదటి రెండు వారాల్లో ఇవన్నీ రాసేయండి. మూడో వారం ఆ కుర్రాణ్ని పిలిచి, మీ డాక్యుమెంట్ ఒక్కటే చేతిలో పెట్టి, వేరే సర్వర్‌లో సైట్ కాపీ నిలబెట్టమనండి. మీరు పక్కనే కూర్చోండి కానీ ఏమీ చెప్పకండి. అతను అడిగిన ప్రతి ప్రశ్నా డాక్యుమెంట్‌లో వదిలేసిన ఒక లైను, అక్కడికక్కడే రాసేయండి. దీనికి ముందు ఒక జాగ్రత్త. కాపీలో అసలు గేట్‌వే ఏపీఐ కీలు, ఎస్ఎంఎస్, మెయిల్ అన్నీ పనిచేస్తూనే ఉంటాయి, నిజం కస్టమర్లకు మెసేజ్‌లు వెళ్లిపోగలవు. కాపీ తెరవకముందే మెయిల్, ఎస్ఎంఎస్ ఆపి, గేట్‌వేకు టెస్ట్ కీలు పెట్టించండి. రేజర్‌పే వాడుతుంటే `rzp_live_`తో మొదలయ్యే కీ ఎక్కడా మిగలకూడదు, `rzp_test_` ఉండాలి.

చివరి రోజు మీ అడ్మిన్ యూజర్‌ను తీసేయాలి. అది మీరు చేయొద్దు, అతని లాగిన్ నుంచి అతనే చేయాలి. అతని లాగిన్ పనిచేస్తోందని అప్పుడే తెలుస్తుంది. తీసేటప్పుడు మీరు తయారుచేసిన వాటిని ఏం చేయాలని వర్డ్‌ప్రెస్ అడుగుతుంది. `Attribute all content to` ఎంచుకుని అతని పేరో, ఓనర్ పేరో ఇవ్వమనండి. `Delete all content` నొక్కితే మీ పేరున ఉన్న పేజీలన్నీ సైట్ నుంచి పోతాయి, అందులో చెకౌట్ పేజీ కూడా ఉండొచ్చు.