ఆపరేషన్ కోసం జాయింట్ ఎఫ్‌డీ ముందే తీయాలంటే పెనాల్టీ మాఫీ ఎలా అడగాలి?

ప్రశ్న: పర్లాకిమిడి బ్రాంచిలో మా ఆయనకీ నాకూ కలిపి 3 లక్షల ఎఫ్‌డీ ఉంది. రెండేళ్లకి 7 శాతానికి వేశాం, 14 నెలలైంది. ఆయన్ని వైజాగ్‌లో గుండె ఆపరేషన్‌కి చేర్చాం, 2 లక్షలు కట్టమంటున్నారు. పెనాల్టీ లేకుండా తీయించుకోవచ్చా? ఎలా అడగాలి?

జవాబు: అడగొచ్చండి. కానీ అడిగేలోపు యాప్‌లో ఎఫ్‌డీ మూసేయకండి. ఆన్‌లైన్‌లో మూస్తే సిస్టమ్ పెనాల్టీ కోసేసి డబ్బు వేసేస్తుంది, ఇక మాఫీ మాట ఎత్తడం కష్టం.

మాఫీ వల్ల ఎంత మిగులుతుందో ముందు చూసుకోండి. ముందే తీస్తే మీకు 7 శాతం రాదు. డిపాజిట్ వేసిన రోజున 14 నెలల గడువుకి బ్యాంకు ఎంత ఇచ్చేదో ఆ రేటు వస్తుంది. అది 6.8 అనుకుందాం. దాంట్లోంచి పెనాల్టీ అర శాతం పోతే 6.3 మిగులుతుంది. చక్రవడ్డీ పక్కనపెట్టి చూస్తే 7 శాతానికి 24,500 రావాల్సింది, చేతికి 22,050 వస్తుంది. తగ్గిన 2,450లో 1,750 మాత్రమే పెనాల్టీ. మిగతా 700 రేటు తేడా, దాన్ని మాఫీలో కలపరు. పెనాల్టీ శాతం ఒక్కో బ్యాంకుకి ఒక్కోలా ఉంటుంది, మీ రసీదు వెనక చూడండి.

అందుకే మూయడానికి ముందు ఎఫ్‌డీ మీద లోన్ గురించి అడగండి. చాలా బ్యాంకులు డిపాజిట్‌లో 90 శాతం దాకా, ఎఫ్‌డీ రేటు కంటే ఒక శాతం ఎక్కువకి ఇస్తాయి. 2 లక్షలు తీసుకుంటే, ఎఫ్‌డీ తన వడ్డీ తాను సంపాదిస్తూనే ఉంటుంది కాబట్టి, నికరంగా మీకు పడేది నెలకి సుమారు 167 రూపాయలు. మిగిలిన 8 నెలలూ తీర్చకపోయినా దాదాపు 1,333. పెనాల్టీతో మూయడం కంటే ఇదే నయం. మాఫీ వస్తే మాత్రం మూసినందుకు పోయేది 700, కాబట్టి నాలుగు నెలల్లో అప్పు తీర్చలేమనుకుంటే మూయడమే మేలు.

మాఫీ బ్రాంచి మేనేజర్ చేతిలో ఉండొచ్చు, లేదా పై ఆఫీసు అనుమతి కావాల్సి రావచ్చు. ఆసుపత్రి అన్నాళ్లు ఆగదు కదా. అందుకని అర్జీలో మూడు మాటలు స్పష్టంగా ఉండాలి: వైద్య ఖర్చు కోసం పెనాల్టీ మాఫీ చేయండి, మీకు అధికారం లేకపోతే పై ఆఫీసుకి పంపండి, అనుమతి ఆలస్యమైతే ఇప్పుడు మూసి తేడా డబ్బు తర్వాత మా ఖాతాలో వేయండి. ఆ మూడో మాట రాయకపోతే మూసిన తర్వాత మీ అర్జీని పట్టించుకునేవాళ్లుండరు. ఇంగ్లీషులోనో ఒడియాలోనో రాయండి, తెలుగులో రాస్తే పై ఆఫీసులో చదివేవాళ్లు లేక పక్కన పడొచ్చు. రెండో కాపీ మీద తేదీతో బ్యాంకు ముద్ర వేయించుకోండి.

మందుల చీటీ ఒక్కటి చాలదు. ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద, ముద్రతో, పేషెంట్ పేరూ కట్టాల్సిన మొత్తమూ ఉన్న ఎస్టిమేట్ కావాలి. అడ్మిషన్ కాగితం, ఎఫ్‌డీ అసలు రసీదు జతచేయండి. ఒక చిక్కు మన సరిహద్దు వాళ్లకే ఎక్కువ వస్తుంది: వైజాగ్ ఆసుపత్రి ఇంటిపేరు ముందు రాస్తుంది, ఒడిశా కాగితాల్లో అది చివర ఉంటుంది. ఇద్దరూ ఒకరేనా అని గుమాస్తా ఆపేస్తాడు. ఆధార్ కాపీ పెట్టి, రెండు పేర్లూ ఒకరివేనని అర్జీలోనే ఒక వాక్యం రాయండి.

అసలు ఆలస్యం సంతకం దగ్గర జరుగుతుంది. 'ఇద్దరిలో ఎవరైనా' అని వేసిన డిపాజిట్‌కి గడువు తీరాక ఒక సంతకం చాలు. గడువుకి ముందు తీయాలంటే బ్యాంకులు ఇద్దరి సంతకాలూ అడుగుతాయి, లోన్‌కీ అంతే. కాబట్టి ఆయన్ని థియేటర్‌కి తీసుకెళ్లకముందే అర్జీ మీద, రసీదు వెనక సంతకం చేయించండి. చేయి కదపలేకపోతే మేనేజర్‌కి చెప్పండి: అస్వస్థులైన ఖాతాదారుల వేలిముద్రని ఇద్దరు సాక్షుల ఎదుట తీసుకునే ఏర్పాటు ఉంది, ఆ సాక్షుల్లో ఒకరు బ్యాంకు అధికారి అయి ఉండాలి.

వడ్డీ నెలనెలా తీసుకుంటూ ఉంటే, ఎక్కువగా ఇచ్చింది అసల్లోంచి కోస్తారు. అసలు తగ్గిందని కంగారుపడకండి, లెక్క కాగితం అడిగి చూడండి. డబ్బు నగదుగా ఇవ్వరు, సేవింగ్స్ ఖాతాలో వేస్తారు. ఆసుపత్రికి అక్కడినుంచి పంపడానికి మీ ఖాతా రోజువారీ పరిమితి ఎంతో అదే కౌంటర్లో అడిగి, తక్కువైతే పెంచమనండి.