అప్పీలుకు ముప్ఫై రోజులు ఏ రోజు నుంచి?

ప్రశ్న: మా పొలం దారి కేసులో జూనియర్ సివిల్ జడ్జి కోర్టు 2025 మార్చి 10న మాకు వ్యతిరేకంగా తీర్పు, డిక్రీ ఇచ్చింది. మార్చి 17న నకలుకు దరఖాస్తు పెట్టాం. నకలు ఏప్రిల్ 10న చేతికొచ్చింది. అప్పీలుకు 30 రోజులు కదా, అంటే మే 10 వరకు గడువున్నట్టేనా? తీర్పు చెప్పిన రోజును కూడా లెక్కించాలా?
– ఒక రైతు, తెనాలి

జవాబు: తీర్పు చెప్పిన రోజును లెక్కించనక్కర్లేదు. కానీ మే 10 వరకు ఆగితే గడువు దాటిపోతుంది. మీరు నకలు వెనుక ఏం రాసి ఉందో చూశారా? అక్కడ వరుసగా తేదీలుంటాయి: దరఖాస్తు చేసిన తేదీ, స్టాంపులు అడిగిన తేదీ, వాటిని దాఖలు చేసిన తేదీ, నకలు సిద్ధమైన తేదీ, తీసుకున్న తేదీ. మీ గడువు ఈ తేదీల్లోనే ఉంది.

కాలపరిమితి చట్టం 12వ సెక్షన్ రెండు విషయాలు చెబుతుంది. గడువు ఏ రోజు నుంచి మొదలవుతుందో ఆ రోజును తీసేయాలి. నకలు పొందడానికి అవసరమైన కాలాన్నీ తీసేయాలి. రెండో వాక్యంలో ‘అవసరమైన’ అన్న మాట దగ్గరే చాలామంది బోల్తా పడతారు. దరఖాస్తు పెట్టిన రోజు నుంచి నకలు సిద్ధమైన రోజు వరకు పట్టిన కాలమే అవసరమైన కాలం. సిద్ధమైన నకలు కాపీయింగ్ సెక్షన్‌లో పడి ఉండగా మీరు తీసుకోవడానికి వెళ్లని రోజులు మీ ఖాతాలోనే పడతాయి. స్టాంపులు అడిగిన తరువాత కట్టకుండా ఆలస్యం చేసిన రోజులూ అంతే.

మీ నకలు ఏప్రిల్ 3న సిద్ధమైందనీ, స్టాంపులు అడిగిన రోజే కట్టారనీ అనుకుని లెక్క వేద్దాం. మార్చి 10ని వదిలేశాం కాబట్టి మొదటి రోజు మార్చి 11. దరఖాస్తు పెట్టే ముందు, అంటే 16వ తేదీ వరకు, ఆరు రోజులు ఖర్చయ్యాయి. మార్చి 17 నుంచి ఏప్రిల్ 3 వరకు, రెండు చివరలూ కలిపి, 18 రోజులు లెక్కలోంచి పోయాయి. ఏప్రిల్ 4న ఏడో రోజుగా లెక్క మళ్లీ మొదలవుతుంది. ముప్ఫయ్యో రోజు ఏప్రిల్ 27. ఆ రోజు ఆదివారం, కోర్టు మూసి ఉంటుంది. అందుకే అదే చట్టం 4వ సెక్షన్ ప్రకారం కోర్టు మళ్లీ తెరిచే రోజున, అంటే 28 సోమవారం, దాఖలు చేయవచ్చు. మధ్యలో వచ్చే సెలవులకు ఈ మినహాయింపు లేదు. ఏప్రిల్ 14 అంబేద్కర్ జయంతి నాడు కోర్టు లేకపోయినా ఆ రోజు లెక్కలోకి వస్తుంది. చివరి రోజు సెలవైతేనే 4వ సెక్షన్ పనికొస్తుంది.

మీ నకలు మీద సిద్ధమైన తేదీ వేరే ఉంటే గడువు ఆ మేరకు జరుగుతుంది. ఏదేమైనా 28 వరకు ఆగమని నేను చెప్పను. కోర్టు ఫీజు తక్కువైందనో, కాగితం ఒకటి లేదనో తిప్పి పంపితే సర్దుకోవడానికి వారం రోజులైనా చేతిలో ఉండాలి. మరో మాట: నకలు దరఖాస్తు కూడా 30 రోజుల్లోపే పెట్టాలి. గడువు దాటాక పెట్టిన దరఖాస్తుతో మిగిలే రోజులేమీ ఉండవు.

ఇక్కడ 30 రోజులు కాబట్టి వేళ్ల మీద లెక్క సరిపోతుంది. చట్టం ‘నెల’ అన్నచోట మాత్రం క్యాలెండరు నెల తీసుకోవాలి. చెక్కు బౌన్స్ కేసులో ఫిర్యాదుకు ఒక నెల గడువు. ఆ నెలను లెక్కించేటప్పుడు మొదటి రోజును వదిలేయాలా అన్న తగాదా సాకేత్ ఇండియా కేసులో 1999లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. నోటీసు అందిన తరువాత డబ్బు కట్టడానికి ఇచ్చే 15 రోజులు అక్టోబరు 14తో ముగిశాయి. 15న వ్యాజ్య కారణం, అంటే ఫిర్యాదు వేసే హక్కు, పుట్టింది. ఫిర్యాదు నవంబరు 15న వేశారు. అక్టోబరు 15ను వదిలేసి చూస్తే అది గడువులోపే ఉందని కోర్టు తేల్చింది. 2013లో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం కూడా ఈ లెక్కనే ఖాయం చేసింది.

ఒకవేళ ఈ జవాబు మీకు చేరేసరికి మీ గడువు దాటిపోయి ఉంటే అప్పీలుతో పాటు కాలపరిమితి చట్టం 5వ సెక్షన్ కింద ఆలస్యాన్ని మన్నించమని దరఖాస్తు వేయండి. నకలు చేతికొచ్చిన రోజు నుంచి 30 రోజులున్నాయని పొరపాటు పడ్డామని ఒక్క వాక్యం రాసి వదిలేయకండి. ఎవరి మాట విని అలా అనుకున్నారు, అసలు గడువు ఎప్పుడు తెలిసింది, తెలిసిన తరువాత ప్రతి రోజూ ఏం చేశారు అన్నది తేదీలతో సహా ప్రమాణ పత్రంలో రాయండి. నకలు వెనుక పేజీని కూడా జత చేయండి.