నల్ల మెహందీతో బొబ్బలొచ్చాయి.. హెయిర్ డై వేసుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 36. నెల కిందట ముంజేతి మీద నల్ల మెహందీతో టాటూ వేయించుకున్నాను. రెండు వారాలు ఏమీ కాలేదు. ఆ తర్వాత గీసిన గీతల వెంటే దురద, నీటి బొబ్బలు వచ్చాయి. ఇప్పుడు మానుతున్నాయి. తెల్లజుట్టుకు రంగు వేసుకుందామనుకుంటున్నాను. ఫర్వాలేదా?

జవాబు: వద్దండీ. ప్యాచ్ టెస్ట్ అనే అలర్జీ పరీక్ష అయ్యేదాకా హెయిర్ డై జోలికి వెళ్లకండి.

అసలైన గోరింటాకు ఎర్రగా పండుతుంది, అదీ కొన్ని గంటలకు. గంటలోపే కారునలుపు వచ్చిందంటే పారాఫినైలిన్‌డయమిన్ (పీపీడీ) కలిపారని అనుమానించాలి. నల్లటి హెయిర్ డైల్లో ఎక్కువగా ఉండేదీ ఇదే. ఐరోపా నిబంధనల ప్రకారం తలకు రాసే మిశ్రమంలో ఇది 2 శాతం మించకూడదు. చర్మం మీద టాటూలకైతే అసలు అనుమతే లేదు. నల్ల మెహందీ నమూనాల్లో 15 శాతానికి పైగా కూడా కనిపించింది. పైగా డైలా కాసేపటికి కడిగేయరు, అలాగే ఆరనిస్తారు.

బొబ్బలు ఆలస్యంగా రావడానికి కారణం ఉంది. పీపీడీని శత్రువుగా గుర్తుపట్టే రోగనిరోధక కణాలు, అంటే టి-కణాలు తయారవడానికి శరీరానికి సాధారణంగా పది రోజుల నుంచి రెండు వారాలు పడుతుంది. అప్పటికీ చర్మంలో మిగిలిన రసాయనం మీద అవి విరుచుకుపడితే సరిగ్గా డిజైన్ ఆకారంలోనే చర్మం పొంగుతుంది. పీపీడీ శత్రువన్న జ్ఞాపకం ఆ కణాల్లో ఏళ్ల తరబడి, చాలామందిలో జీవితాంతం ఉండిపోతుంది. కాబట్టి ఈసారి డై వేసుకుంటే అలర్జీ వారాలు ఆగదు, ఒకటి నుంచి మూడు రోజుల్లోనే బయటపడుతుంది.

డై వేసేది తలకే అయినా మాడు మీద పెద్దగా ఏమీ కనిపించకపోవచ్చు. కనురెప్పలు కళ్లు తెరవలేనంతగా ఉబ్బుతాయి, చెవులు, మెడ రసి కారతాయి. అరుదుగా ఊపిరాడకపోవడం జరిగితే వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లాలి.

‘అమోనియా లేదు’ అన్న మాట చూసి మోసపోకండి. అమోనియా వేరు, పీపీడీ వేరు. ‘హెర్బల్’ నల్ల పొడుల్లోనూ ఇది ఉండొచ్చు. దీనికి బదులు వాడే టోలుయిన్ డయమిన్ కూడా పీపీడీ పడనివారిలో చాలామందికి పడదు. చెవి వెనక రాసుకుని మీరే పరీక్షించుకోవడం మీ విషయంలో ప్రమాదం. చర్మం పూర్తిగా మానిన ఆరు వారాలకు డర్మటాలజిస్ట్ దగ్గర ప్యాచ్ టెస్ట్ చేయించుకోండి. 1 శాతం పీపీడీని వీపు మీద అంటించి, 48 గంటలకు తీసి చూస్తారు. ఒకటి రెండు రోజులాగి మళ్లీ చూస్తారు. అప్పటికి స్టెరాయిడ్ మాత్రలు వాడుతూ ఉంటే ఫలితం తప్పుగా రావచ్చు.

ప్రస్తుతానికి బొబ్బలు చిదమకండి. దురద ఇంకా ఉంటే డాక్టర్ రాసిచ్చిన స్టెరాయిడ్ క్రీమ్ చాలు. గీతల చోట తెల్లటి లేదా నల్లటి మచ్చ కొన్ని నెలలు ఉండొచ్చు, ఎండ తగలనివ్వకండి. పంటి డాక్టర్ దగ్గరికి వెళితే ఈ అలర్జీ సంగతి ముందే చెప్పండి. చిగుళ్లకు పూసే మత్తుమందు బెంజోకైన్ కూడా కొందరికి ఇలాగే పడదు.