చేసుకోవచ్చు, నేను చేసి చూశాను

ప్రశ్న: "టీవీ గేమ్ షోల ఫార్మాట్‌కి మన ఛానెళ్లు విదేశాలవాళ్లకి డబ్బు ఎందుకు కట్టాలి? చూసి మనమే అలాంటిది చేసుకోలేమా?"

చేసుకోవచ్చు. 2014లో విజయనగరంలో, మా వీధి వినాయక చవితి పందిట్లో నేను చేశాను. 'మీలో ఎవరు కోటీశ్వరుడు' వచ్చిన ఏడాది అది, ఎవరి నోట విన్నా అదే మాట. రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక మైకు, కమిటీ దగ్గర కొంత డబ్బు. ఇంకేం కావాలి అనుకున్నాను.

ఎనిమిది ప్రశ్నలు పెట్టాను. 50 రూపాయలతో మొదలై 100, 200, 400 అలా పెరుగుతూ చివర 5,000. తప్పు చెబితే ఉన్నదంతా పోతుంది. మొదట కూర్చున్న కుర్రాడు 400 దాకా గబగబా వచ్చేశాడు. ఐదో ప్రశ్న చదివానో లేదో, జనంలోంచి వాళ్లమ్మ కేకేసింది: "ఒరే, సాల్రా, దిగిపో!" దిగిపోయాడు. తర్వాతి మనిషీ 400కే దిగాడు. ఆ తర్వాతి ఆవిడా అంతే. వరసగా ఆరుగురు. జనం లేచి పులిహోర దగ్గరికి పోయారు. మైకు సెట్టువాడైతే మధ్యలో సినిమా పాటలు వేసేశాడు, వాడికి అడ్వాన్సు ఇచ్చిందీ నేనే.

తప్పెక్కడుందో ఆ రాత్రి అసలు షోలో డబ్బు మెట్టుమెట్టుగా పెరిగే నిచ్చెన కాగితం మీద రాసుకుంటే తెలిసింది. 1998లో బ్రిటన్‌లో 'హూ వాంట్స్ టు బి ఎ మిలియనీర్' పేరుతో మొదలైనప్పుడు అందులో 15 ప్రశ్నలు, 100 పౌండ్ల నుంచి 10 లక్షల దాకా. 2000లో 'కౌన్ బనేగా కరోడ్‌పతి'గా హిందీలోకి వచ్చినప్పుడు ప్రతి మెట్టునీ సరిగ్గా పదితో హెచ్చవేసి రూపాయల్లో పెట్టారు: వెయ్యి నుంచి కోటి. పదో మెట్టు 3,20,000 అనే వింత అంకె అలా వచ్చిందే. మనవాళ్లు సొంతంగా పెట్టుకుంటే మూడు లక్షలో ఐదు లక్షలో పెట్టేవాళ్లు.

అసలు కిటుకు ఐదో మెట్టులో, పదో మెట్టులో ఉంది. అవి మజిలీలు, అక్కడిదాకా గెలిచింది ఇక పోదు. అంటే పదకొండో ప్రశ్న దగ్గర మీ చేతిలో 3,20,000 ఉంది, తప్పు చెప్పినా 3,20,000 ఉంటుంది. అక్కడ దిగిపోవడంలో అర్థం లేదు, తెలియకపోయినా ఏదో ఒకటి చెప్పేస్తారు. ఆట ఆగదు. అదే పదిహేనో ప్రశ్న దగ్గర చేతిలో 50 లక్షలు. కరెక్టయితే ఇంకో 50 లక్షలు వస్తాయి, తప్పయితే 46,80,000 పోతాయి. దాదాపు సగానికి సగం పందెం. ఆ ఊగిసలాటని చూడ్డానికే జనం టీవీ ముందు కూర్చుంటారు. నా ఆటలో మజిలీ లేదు కాబట్టి వాళ్లమ్మ చెప్పిందే లెక్క ప్రకారం కూడా సబబు.

రెండో రాత్రి "400 దాటితే అది మీదే" అన్నాను. అంతే, ఒక్కరూ ఐదో ప్రశ్నకి దిగలేదు. ఇద్దరు 1,600 దాకా వెళ్లారు. మా కోశాధికారి గారు పక్కకి పిలిచి, "ఏటి బాబూ, ఇలాగైతే నిమజ్జనానికి లారీ ఎలా మాట్లాడతాం?" అన్నారు.

అక్కడితో అయిపోలేదు. మన ఊరి ప్రశ్న ఉండాలని 'కన్యాశుల్కం ఏ సంవత్సరంలో వచ్చింది?' అని అడిగాను. ఆప్షన్లలో 1892, 1897, 1909 ఉన్నాయి. గురజాడ ఊళ్లో అడగాల్సిన ప్రశ్నేనా అది? ఒక రిటైర్డ్ మాస్టారు లేచి, మొదట ఆడింది 1892లో, అచ్చయింది 1897లో, బాగా మార్చి మళ్లీ వేసింది 1909లో, మూడూ కరెక్టే అన్నారు. ఆయనకి ఎదురు చెప్పే ధైర్యం నాకు లేదు, డబ్బులు ఇచ్చేశాం. ప్రశ్నలు మాత్రం ఏ దేశంవాళ్లు ఆ దేశంలో రాసుకోవాల్సిందే. నిచ్చెన, లైఫ్‌లైన్లు, ప్రశ్న పెద్దదయ్యేకొద్దీ లైట్లు కిందికి దిగడం, ఆ సంగీతం, ఇవి ఏ భాషలోనైనా పనిచేస్తాయి. లోపల పోసేది స్థానిక సరుకు. అందుకే ఇన్ని దేశాల్లో నిలబడింది, నా మాట నమ్మండి.

ఇక చట్టం సంగతి. ఫార్మాట్‌కి కాపీరైట్ గట్టిగా ఉంటుందనుకుంటారు చాలామంది. బ్రిటన్‌లో 'ఆపర్చునిటీ నాక్స్' అనే ప్రతిభ పోటీ నడిపిన హ్యూయీ గ్రీన్, అదే పేరుతో న్యూజిలాండ్‌లో షో నడిపినందుకు అక్కడి బ్రాడ్‌కాస్టింగ్ కార్పొరేషన్ మీద కేసు వేశాడు. చప్పట్లు కొలిచే మీటరు కూడా ఇద్దరి దగ్గరా ఉంది. అయినా 1989లో లండన్‌లో ప్రివీ కౌన్సిల్ అనే పై కోర్టు దాకా వెళ్లి ఓడిపోయాడు. పేరు, ఊతమాటలు, మీటరు కలిపినంత మాత్రాన కాపీరైట్ దక్కేంత స్పష్టమైన నాటకం కాదు అన్నారు.

అలాంటప్పుడు ఛానెల్ కొనేది ఏమిటి? పేరు, సంగీతం, వాటితో పాటు ఆ వ్యాపారంలో 'బైబిల్' అనే లావుపాటి పుస్తకం. సెట్టు ఎలా కట్టాలి, కెమెరా ఎక్కడ పెట్టాలి, పోటీదారుల్ని ఎలా ఎంచాలి, మిగతా దేశాల్లో ఏది తన్నేసింది అన్నీ అందులో ఉంటాయి. మొదట్లో దగ్గరుండి నేర్పడానికి మనిషిని కూడా పంపుతారు. నేను రెండు రాత్రులు తగలేసి తెలుసుకున్నది అందులో ఏ మూడో పేజీలోనో ఉండే ఉంటుంది.

మరుసటేడు కమిటీ హౌసీ పెట్టింది. నంబర్లు పిలిచే పని కూడా నాకివ్వలేదు.