ఒకే ఇంట్లో ఆరు గ్రహాలుంటే ఎలా చూడాలి

పర్లాకిమిడి

చిరంజీవికి ఆశీస్సులు.

బరంపురం నుంచి నువ్వు పంపిన జాతకం చూశాను. 2000 మే 4, పగలు 11 గంటలకి, మా ఊళ్లోనే పుట్టిన పిల్లాడు. కర్కాటక లగ్నం, పదో ఇంట్లో ఆరు గ్రహాలు. ఎవరో సన్యాస యోగం అన్నారని తల్లి టెన్షన్ పడుతోందని రాశావు.

ముందు చక్రం సంగతి. అది ఒడియా పద్ధతిలో వేసింది. మన చక్రంలో మేషం పై వరసలో రెండో గడి, అక్కణ్నుంచి రాశులు కుడివైపుకి తిరుగుతాయి. వాళ్లకి మేషం పైన నడిమి గడి, రాశులు ఎడమవైపుకి తిరుగుతాయి. అలవాటు కొద్దీ మన లెక్కలో చూస్తే గుంపు మొత్తం వేరే ఇంటికి పోతుంది. మన సరిహద్దు ఊళ్లలో ఈ పొరపాటు తరచూ జరుగుతుంది కాబట్టి, ముందు మన గళ్లలోకి ఎత్తి రాసుకో.

ఇక గుంపుని గుంపుగా చదవకు. స్ఫుటాలు వేసుకో. మేషంలో శుక్రుడు 10 భాగల దగ్గర, బుధుడు 15 దగ్గర, రవిచంద్రులు 20 దగ్గర (ఆ రోజు అమావాస్య), గురువు 23, శని 26 దగ్గర. రవికి మేషం ఉచ్చ. బుధుడికి రవి నుంచి 14 భాగల లోపు, గురువుకి 11 లోపు, శనికి 15 లోపు, చంద్రుడికి 12 లోపు అస్తంగత్వం. నలుగురూ ఆ హద్దుల్లోనే ఉన్నారు. శుక్రుడికి హద్దు 10, సరిగ్గా అంచు మీదున్నాడు. శనికి అది నీచ కూడా. అంటే ఇంట్లో ఆరుగురున్నా మాట చెల్లేది ఒక్క రవిది. ఈ పిల్లాడికి ఉద్యోగం, పేరు, పైవాళ్ల ముందు తన స్థానం, ఇవే అన్నిటికంటే పెద్ద విషయాలు. మిగతా ఐదుగురి పనులూ దాని నీడలో నడుస్తాయి.

సన్యాస యోగం మాటకొస్తే, నాలుగు లేదా అంతకన్నా ఎక్కువ గ్రహాలు ఒకే చోట ఉంటే ప్రవ్రజ్య అని వరాహమిహిరుడు చెప్పిన మాట నిజమే. కానీ ఆ గ్రహాలకి బలం ఉండాలి, అస్తంగతమైనది ఆ ఫలితం ఇవ్వదు. ఆ షరతు వదిలేసి తలలు లెక్కపెడితే, ఆ రోజు దేశంలో పుట్టిన ప్రతి పిల్లాడూ కాషాయం కట్టాలి. ఆరు గ్రహాలూ వాళ్లందరికీ మేషంలోనేగా! 1962 ఫిబ్రవరిలో అష్టగ్రహ కూటమి అని ఊరూరా హోమాలు చేశారు, మకరంలో కూడిన గ్రహాలు వాటి దారిన అవి విడిపోయాయి.

భావ చక్రం కూడా వెయ్యి. లగ్నం కర్కాటకంలో 10 దగ్గర పడింది, దశమ భావ మధ్యం మేషం ఏడున్నర దగ్గర. అప్పుడు పది, పదకొండు భావాల సంధి మేషం 23 దగ్గరికి వస్తుంది. శని దాటి లాభంలోకి పోయాడు, గురువు సరిగ్గా సంధి మీద ఉన్నాడు. రాశిలో ఆరు కనిపించినా దశమ భావంలో గట్టిగా మిగిలేవి నాలుగే. శని సప్తమాధిపతి, పైగా మేషం నుంచి పదో చూపుతో మకరాన్ని, అంటే తన సొంత సప్తమాన్నే చూస్తున్నాడు. పెళ్లి ఆలస్యం కావచ్చు గానీ లేదనడానికి ఆధారం లేదు. నాకైతే వీటన్నిటికంటే తులారాశి మీద బెంగ. ఆరుగురి ఏడో చూపూ దాని మీదే, అది నాలుగో ఇల్లు. ఈ గుంపు వల్ల నలిగేది తల్లి, ఇల్లు, నిద్ర. తల్లితో ఆ విషయం నెమ్మదిగా మాట్లాడు.

అసలు కిటుకు దశల్లో ఉంది. భరణి నక్షత్రం కాబట్టి శుక్రదశ పుట్టినప్పటి నుంచి ఎనిమిదిన్నర ఏళ్లు మిగిలింది. తర్వాత రవి 6, చంద్రుడు 10. ముగ్గురూ మేషంలోనే ఉన్నారు. అంటే దాదాపు పాతికేళ్ల పాటు వరసగా ఒకే ఇల్లు మోగుతూనే ఉంది. ఆ ఒత్తిడి 2024 చివరికి ముగిసి కుజదశ వచ్చింది. కుజుడు మేషాధిపతి, వృషభంలో లాభంలో ఉన్నాడు, శుక్రుడితో పరివర్తన. గుంపు చేసిన పని డబ్బుగా మారే కాలం ఇది. కుజుడి మీద నా నమ్మకం ఎక్కువే, అది కొంచెం తగ్గించుకుని చదువు.

తల్లికి చెప్పేముందు పిల్లాణ్ని ఒక ప్రశ్న అడుగు: 2015 తర్వాత చదువు, పని తప్ప ఇంకేమైనా గట్టిగా గుర్తుందా? ఊళ్లు తిరగడం, స్నేహితులు, జబ్బులు లాంటివి చాలా చెబితే లగ్నం అనుమానించు. ఆ పదకొండు గంటలు ఎక్కడ రాశారో కూడా కనుక్కో. ఆసుపత్రి కాగితమా, అమ్మమ్మ గుర్తా? పుట్టుక ముప్పావుగంట ముందు జరిగి ఉంటే మిథున లగ్నం, గుంపంతా పదకొండో ఇల్లు. అప్పుడు దశమం గురించి పైన రాసినదంతా కొట్టేసి, మళ్లీ మొదలుపెట్టు.

మీ బాబాయి