ఈసీజీలో ఎస్టీ గీత

ఈసీజీలో అలలు ఎలా చదవాలి, ఏది కనిపిస్తే ఎమర్జెన్సీ?

ఛాతీనొప్పి ఉన్నవారి ఈసీజీలో క్యూఆర్ఎస్ అనే మొనదేలిన అలకీ టి అలకీ మధ్యనుండే ఎస్టీ గీత పైకి లేచి ఉంటే అది ఎమర్జెన్సీ, వెంటనే అంబులెన్స్ పిలవాలి. పి అల గుండె పై గదుల్లో, క్యూఆర్ఎస్ కింది గదుల్లో కరెంటు పాకడాన్ని చూపిస్తాయి. టి అలలో కింది గదులు తర్వాతి స్పందనకు సిద్ధమవుతాయి. ఎస్టీ గీత మామూలుగా పి అలకు ముందున్న గీత ఎత్తులోనే ఉంటుంది. గుండె రక్తనాళం మూసుకుపోతే, రక్తం అందని కండరంలో కరెంటు తేడా వచ్చి అది పైకి జరుగుతుంది. ఉదాహరణకు, గుండెను కింది వైపు నుంచి చూపించే II, III, aVF లీడ్లలో ఎస్టీ గీత 2 చిన్న గడుల ఎత్తు లేస్తే గుండె కింది గోడకు గుండెపోటు వస్తోందని అనుమానించాలి.

చాలామంది ఈసీజీ నార్మల్ అనగానే గుండెపోటు లేదనుకుంటారు, ఇది ప్రమాదకరమైన పొరపాటు. మొదట్లో మార్పు కనిపించకపోవచ్చు. నొప్పి తగ్గకపోతే ఈసీజీ మళ్లీ తీయాలి, గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ కూడా చూడాలి.