టెక్ సందేహాలు: ఎక్సెల్‌లో ఆప్షన్ పేఆఫ్ గ్రాఫ్ ఎందుకు తేడాగా వస్తుంది?

నిఫ్టీ 25,000 కాల్ 210కి కొని, అదే ఎక్స్‌పైరీ 25,300 కాల్ 85కి అమ్మాను. ఎక్సెల్‌లో వేసుకున్న గ్రాఫ్‌లో బ్రేక్ ఈవెన్ 25,210 వస్తోంది. బ్రోకర్ యాప్ 25,125 అంటోంది. ఏది నమ్మాలి?

యాప్ చెప్పిందే సరైనది. మీ షీట్‌లో కొన్న కాల్ ప్రీమియం ఎక్కింది కానీ అమ్మిన కాల్ మీద చేతికొచ్చిన 85 ఎక్కలేదు. బుల్ కాల్ స్ప్రెడ్‌లో మీ జేబులోంచి పోయింది 210 కాదు, 210లోంచి 85 తీసేయగా మిగిలిన 125. ఎక్స్‌పైరీ రోజు నిఫ్టీ 25,000 దాటి ఆ 125 పాయింట్లు పైకి వెళ్తే పెట్టింది తిరిగొచ్చినట్టు. అందుకే 25,125.

షీట్‌ను మళ్లీ మొదటి నుంచి కట్టండి, ఐదు నిమిషాల పని. B1లో 25000, B2లో 210, B3లో 25300, B4లో 85, B5లో లాట్ సైజు పెట్టండి. లాట్ సైజును ఎక్స్ఛేంజ్ అప్పుడప్పుడూ మారుస్తుంది కాబట్టి మీ కాంట్రాక్టులో ఉన్నదే వేయాలి. ఇక్కడ 65 అనుకుని లెక్క చేస్తున్నాను. A8 నుంచి A11 వరకు 24500, 25000, 25300, 25800 అని నాలుగు అంకెలు వేయండి. ఇవి ఎక్స్‌పైరీ రోజు నిఫ్టీ ఎక్కడ ముగియవచ్చో చెప్పే స్థాయిలు. ఇప్పుడు B8లో ఈ ఫార్ములా రాసి B11 దాకా కిందికి లాగండి:

```
=(MAX(A8-$B$1,0)-$B$2-MAX(A8-$B$3,0)+$B$4)*$B$5
```

వరుసగా -8125, -8125, 11375, 11375 రావాలి. చాలామంది 50 పాయింట్లకొకటి చొప్పున పాతిక ముప్ఫై వరుసలు వేస్తుంటారు, అవసరం లేదు. ఎక్స్‌పైరీ పేఆఫ్ అంతా తిన్నని గీతలే, అది విరిగేది స్ట్రైక్‌ల దగ్గర మాత్రమే. రెండు స్ట్రైక్‌లూ, ఎడమ కొస, కుడి కొస ఉంటే బొమ్మ పూర్తయినట్టే.

ఫార్ములాలోని డాలర్ గుర్తులు మరిచిపోతే గమ్మత్తు జరుగుతుంది. కిందికి లాగేకొద్దీ B1 కాస్తా B2 అవుతుంది, B5 వెళ్లి ఖాళీ గడి B6 మీద పడుతుంది. రెండో, మూడో వరుసల్లో సున్నాలు వస్తాయి. నాలుగో వరుసలో ఏకంగా 12,18,750 రూపాయల లాభం కనిపిస్తుంది! షీట్ అంత ఉదారంగా ఉంటే ముందు డాలర్ గుర్తులు చూడండి.

గ్రాఫ్ తప్పో ఒప్పో తేల్చడానికి బ్రేక్ ఈవెన్ కన్నా ముందు ఎడమ కొస చూడటం మేలు. నిఫ్టీ ఎంత పడినా పోయేది కట్టిన నికర ప్రీమియమే, 125 ఇంటూ 65, అంటే 8,125 రూపాయలు. అక్కడ -13,650 కనిపిస్తే అమ్మిన ప్రీమియం లెక్కలోకి రాలేదని అర్థం. మీకు జరిగింది అదే. -19,175 కనిపిస్తే 85ని కలపాల్సింది పోయి తీసేశారు, ప్లస్ బదులు మైనస్ పడింది. కుడి కొసన 11,375 ఉండాలి: స్ట్రైక్‌ల మధ్య దూరం 300లోంచి 125 పోగా మిగిలిన 175 పాయింట్లు. స్ట్రైక్‌లు సరిగ్గా వేసి ఉండి, రెండు కొసలూ సరిపోతే మధ్యలో గీత సున్నాను తప్పు చోట దాటే అవకాశమే లేదు.

చార్టు వేసేటప్పుడు Insert మెనూలో Line జోలికి పోకండి. అది A కాలమ్‌లోని అంకెల్ని దూరాలుగా చూడదు, వరుసలో పెట్టిన పేర్లుగా చూస్తుంది. 24500 నుంచి 25000కి ఉన్న 500 పాయింట్లకూ, 25000 నుంచి 25300కి ఉన్న 300 పాయింట్లకూ ఒకే ఎడం ఇచ్చేస్తుంది. పైగా చాలాసార్లు A కాలమ్‌ను కూడా ఇంకో గీతగా గీసేస్తుంది. Scatter with Straight Lines ఎంచుకోండి. దాని పక్కనే ఉండే Scatter with Smooth Lines చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కానీ మూలల్ని వంచేస్తుంది. 25,000 దగ్గర గీత 8,125 నష్టాన్ని దాటి కాస్త కిందికి దిగినట్టు కనిపిస్తుంది. అలాంటి నష్టం లేనే లేదు.

ఇక ప్రీమియంల సంగతి. ఆర్డర్ అయిపోయాక అయితే కాంట్రాక్ట్ నోట్‌లోని ధరలే వేయాలి. ఇంకా పెట్టకముందు గ్రాఫ్ చూసుకునేవాళ్లు ఎల్‌టీపీ వేస్తే మోసపోతారు. దూరపు స్ట్రైక్‌లలో ఆఖరి ట్రేడ్ ఎప్పుడో జరిగి ఉండొచ్చు. కొనే కాల్‌కు ఆస్క్ ధర, అమ్మే కాల్‌కు బిడ్ ధర వేయండి. రెండు వైపులా నాలుగేసి పాయింట్లు తేడా వచ్చినా బ్రేక్ ఈవెన్ 25,133కి జరిగి, గరిష్ఠ లాభం 175 నుంచి 167కి తగ్గుతుంది.

బ్రోకరేజీ, పన్నులు పై ఫార్ములాలో లేవు. అన్నీ కలిపి 120 రూపాయలు అనుకుంటే 65తో భాగించగా దాదాపు రెండు పాయింట్లు, అంటే బ్రేక్ ఈవెన్ 25,127 దగ్గరికి వెళ్తుంది. ఇది చిన్న విషయమే. గమనించాల్సింది మరొకటి ఉంది. కొన్న ఆప్షన్‌ను ఎక్స్‌పైరీ దాకా ఉంచితే, అది ఇన్ ద మనీలో ముగిసినప్పుడు దాని ఇంట్రిన్సిక్ విలువ మీద ఎస్‌టీటీ పడుతుంది, కట్టేది కొన్నవారు. నిఫ్టీ 25,600 దగ్గర ముగిస్తే మీ 25,000 కాల్ విలువ 600 ఇంటూ 65, అంటే 39,000. రేటు 0.15 శాతం అనుకుంటే ఎస్‌టీటీ 58 రూపాయల 50 పైసలు. నిఫ్టీ ఇంకా పైకి పోతే ఆ విలువ పెరుగుతుంది, పన్నూ పెరుగుతుంది, లాభం మాత్రం 11,375 దగ్గరే ఆగిపోయి ఉంటుంది. అంటే గ్రాఫ్‌లో చదునుగా కనిపించే కుడివైపు గీత నిజానికి అతి స్వల్పంగా కిందికి వాలుతుంది. రేటు బడ్జెట్లలో మారుతుంటుంది కాబట్టి దాన్ని ఫార్ములాలో ఇరికించకుండా విడిగా ఒక గడిలో పెట్టుకోండి.

ఇదే షీట్‌ను షేర్ల ఆప్షన్లకు వాడేవాళ్లకు ఒక హెచ్చరిక. నిఫ్టీ ఆప్షన్లు డబ్బుతో తేలిపోతాయి. షేర్ల ఆప్షన్లు 2019 అక్టోబరు నుంచి పూర్తిగా డెలివరీతోనే తేలుతున్నాయి. 1,500 కాల్ కొని, 1,550 కాల్ అమ్మారు, లాట్ 500 షేర్లు అనుకుందాం. షేరు 1,530 దగ్గర ముగిస్తే అమ్మిన కాల్ వట్టిదైపోతుంది, కొన్న కాల్ మీద మాత్రం 500 షేర్లను 1,500 చొప్పున తీసుకోవాలి. ఏడున్నర లక్షలు సిద్ధంగా ఉండాలి. గ్రాఫ్ అక్కడ 30 పాయింట్ల విలువ చూపిస్తుంది గానీ, ఆ షేర్లు అమ్ముకునేలోపు ధర ఏమవుతుందో దానికి తెలియదు. రెండు స్ట్రైక్‌ల నడుమ ముగిసేలా ఉంటే చివరి రోజు దాకా ఆగకుండా రెండు లెగ్‌లూ కలిపి మూసేయడమే మంచిది.

మరో సందేహం: నిఫ్టీ 25,050 స్ట్రాడిల్ కొన్నాను, కాల్ 180, పుట్ 160. వంద పాయింట్లకొక వరుస చొప్పున గ్రాఫ్ వేస్తే ‘వి’ ఆకారం రాకుండా అడుగు చదునుగా వస్తోంది. గరిష్ఠ నష్టం 18,850 అంటోంది, నేను కట్టిందేమో 22,100. పైగా నిఫ్టీ 200 పాయింట్లు కదిలితే గ్రాఫ్ నష్టమంటోంది, యాప్ లాభం చూపిస్తోంది.

ఫార్ములా తప్పు కాదు, వరుసల తప్పు. మీ జాబితాలో 25,000 ఉంది, 25,100 ఉంది, అసలు స్ట్రైక్ 25,050 లేదు. ఆ రెండు చోట్లా స్ట్రైక్‌కు దూరం 50 పాయింట్లే. 340లోంచి 50 పోగా 290, దాన్ని 65తో గుణిస్తే 18,850. ఎక్సెల్ ఆ రెండు చుక్కల్నీ అడ్డంగా కలిపేసింది, ‘వి’ మొన తెగిపోయింది. ఇక్కడ మూడే చుక్కలు చాలు: 24400, 25050, 25700. B1లో స్ట్రైక్, B2, B3లో రెండు ప్రీమియంలు, B4లో లాట్ పెట్టి ఇలా రాయండి:

```
=(ABS(A8-$B$1)-$B$2-$B$3)*$B$4
```

ఒకే స్ట్రైక్‌లో కాల్, పుట్ రెండూ ఉన్నప్పుడు ఎక్స్‌పైరీ విలువ అంటే స్ట్రైక్ నుంచి ఎంత దూరం అన్నదే, అందుకే MAX రెండుసార్లు రాయకుండా ABS సరిపోతుంది. మధ్యలో -22100, రెండు కొసల్లోనూ 20150 రావాలి. స్ట్రైక్‌కు రెండువైపులా సమాన దూరంలో తీసుకున్న కొసల్లో అంకెలు ఒకటే రాకపోతే ఎక్కడో స్ట్రైక్ తప్పుగా పడినట్టు.

బ్రేక్ ఈవెన్‌లు రెండు: 24,710, 25,390. పైదానికి కాల్ ప్రీమియం 180 మాత్రమే, కిందిదానికి పుట్ ప్రీమియం 160 మాత్రమే లెక్కేసే పొరపాటు తరచూ జరుగుతుంది. అలా చేస్తే 25,230 దగ్గర గట్టెక్కామనిపిస్తుంది. నిజానికి అక్కడ కాల్ మీద 180 వచ్చినా, పుట్ కోసం కట్టిన 160 మొత్తం పోయింది, నష్టం 10,400 రూపాయలు. ఎటు కదిలినా ఒక లెగ్ సున్నా అవుతుంది, కాబట్టి మిగిలిన లెగ్ రెండు ప్రీమియంలనూ మోయాలి. ఖర్చులు కలిపితే రెండు గీతలూ బయటికే జరుగుతాయి, పైది పైకి, కిందిది కిందికి.

యాప్‌తో తేడా ఎందుకంటే, మీ షీట్ ఎక్స్‌పైరీ రోజుది, యాప్‌లోని లాభం ఈ క్షణానిది. ఇంకా రోజులు మిగిలి ఉంటే రెండు ఆప్షన్లలోనూ టైమ్ వాల్యూ ఉంటుంది. నిఫ్టీ 25,250కి వెళ్లినప్పుడు కాల్ 290, పుట్ 75 పలుకుతున్నాయనుకోండి. రెండూ కలిపి 365, మీరు కట్టింది 340, ఇప్పుడే అమ్మేస్తే ఖర్చులు పోకముందు 25 పాయింట్ల లాభం. అదే 25,250 దగ్గర ఎక్స్‌పైరీ అయితే కాల్ 200, పుట్ సున్నా, నష్టం 140 పాయింట్లు. యాప్ గ్రాఫ్‌లో వంపుగా కనిపించే గీత ఆ ‘ఇప్పటి’ లెక్క. రోజులు గడిచేకొద్దీ అది మీ ‘వి’ మీదికి దిగుతుంది. బడ్జెట్ లాంటి సందర్భం ముగిసి ఇంప్లైడ్ వొలటిలిటీ పడితే ఒక్క పూటలోనే దిగిపోవచ్చు. సూచీ మీరు అనుకున్న వైపే కదిలినా లాభం కనపడకపోవడానికి ఎక్కువసార్లు ఇదే కారణం.

ఆఖరి రోజు దాకా ఉంచితే లెక్కకు వచ్చేది ఎక్స్ఛేంజ్ ప్రకటించే ముగింపు విలువ, మూడున్నరకు స్క్రీన్ మీద కనిపించిన చివరి అంకె కాదు. నిఫ్టీ 25,390కి అటూఇటూ ఊగుతుంటే A కాలమ్‌లో ఆ ముగింపు విలువ పడేదాకా లాభమా నష్టమా అన్నది తేలదు.